పద్నాలుగో మంచం ఎవరికి కావాలి?

ప్రశ్న: నేను విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో, మగవాళ్ల మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ల సర్వీసు. నా స్నేహితురాలు వెబ్ సిరీస్ తీస్తోంది. ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటి పాతిక నిమిషాలు. వార్డు కథ కదా, నువ్వే రాయి అంది. ఆరు నెలలు కూర్చుని పదిహేడు పాత్రలు రాసుకున్నాను. ఒక్కొక్కరి ఊరు, ఇల్లు, అలవాట్లు అన్నీ రెండేసి పేజీలు. జాబితా దీంతో పంపుతున్నాను. అది చదివి ఆమె, "అందరూ ఒక్కలాగే మాట్లాడుతున్నారే. ఎవరు ఎవరో తెలీట్లేదు. ఒక లేడీ డాక్టర్ని హీరోయిన్ చేసెయ్, మిగతావాళ్లు వెనకాల ఉంటారు" అంది. ఏడుపొచ్చింది. వార్డు ఒక్కరిది కాదు కదండీ. ఇంకో బాధ కూడా ఉంది. అడిగి మరీ నైట్ డ్యూటీలు వేయించుకునే నర్సు పాత్ర ఒకటి రాశాను. భర్త దుబాయ్ వెళ్లి రెండేళ్లుగా ఫోన్ చేయడు, ఖాళీ ఇంట్లో పడుకోలేక నైట్లు చేస్తుంటుంది. అది నా తోటి సిస్టర్ జీవితమే. ఎవరో ఆమెకి చెప్పేశారు. పది రోజులుగా నాతో మాట్లాడట్లేదు. స్నేహితురాలి మాట వినాలా? ఆ పాత్ర తీసేయాలా?
— ఒక సిస్టర్, విశాఖపట్నం

సిస్టర్ గారూ,

మీ స్నేహితురాలు జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు. ఆమె రాసిన మందుతోనే నాకు పేచీ. అందరూ ఒక్కలా మాట్లాడుతున్నారన్నది నిజం. దానికి కారణం పాత్రలు ఎక్కువ కావడం మాత్రం కాదు.

మీ జాబితాలో ఐదుగురు నర్సులున్నారు. ఒకరు కోపిష్టి, ఒకరు దయగలవారు, ఒకరు నవ్విస్తారు, ఒకరు భక్తురాలు, ఒకరు మౌనం. ఇప్పుడు ఒక రోగి కొడుకు వచ్చి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అన్నాడనుకోండి. దయగల ఆమె "వస్తున్నా నాన్నా" అంటుంది, కోపిష్టి ఆమె "కనబడుతోంది, వెళ్లి కూర్చో" అంటుంది. ఎవరేమన్నా సెలైన్ మారుతుంది, కథ అక్కడే ఉంటుంది. గుణం మాట తీరును మారుస్తుందే గానీ, జరగబోయేదాన్ని మార్చదు. చూసేవాళ్లకి మనిషి గుర్తుండేది ఆ మనిషి వల్ల ఏం జరిగింది, ఏం ఆగిపోయింది అన్నదాన్ని బట్టి. మీ పదిహేడు మందినీ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి రాశారు. వార్డులో ఎవరూ విడిగా ఉండరని నాకంటే మీకే బాగా తెలుసు.

చాలా ఏళ్ల కిందట మా అమ్మతో పాటు తొమ్మిది రాత్రులు ఒక వార్డులో ఉన్నాను. నర్సుల బల్ల మీద రిజిస్టర్, దానికి గాజు గుడ్డ పేలికతో కట్టిన పెన్ను. పీనాసితనం అనుకున్నాను. మూడో రోజు హౌస్ సర్జన్ కుర్రాడు తొందరలో ఆ పేలికని కత్తెరతో కత్తిరించి పెన్ను జేబులో వేసుకుపోయాడు. రెండు గంటలకి డ్యూటీ మారాలి. పొద్దుటి సిస్టర్ అప్పగింతలు రాయాలి, పెన్ను లేదు. మధ్యాహ్నం సిస్టర్ రాత లేకుండా వార్డు తీసుకోనంది. చివరికి ఊడ్చే అమ్మాయి తన కొడుకు పెన్సిల్ బాక్సులోంచి పెన్ను తీసి ఇచ్చింది. హెడ్ నర్సు సాయంత్రం కొత్త పేలిక చింపి, ఈసారి రెండు ముళ్లు వేసింది. ఆ ఐదుగురి ఊళ్లూ ఇళ్లూ నాకు తెలియవు. ఇన్నేళ్లయినా ఒక్కరూ మరుపుకి రాలేదు.

అందుకని మీ రెండేసి పేజీలు పక్కన పెట్టి, ప్రతి పాత్రకీ మూడు ప్రశ్నలు వేయండి. ఈ మనిషి దేనికి సంతకం పెడతారు, అంటే ఏది తేడా వస్తే సంజాయిషీ ఇవ్వాలి? ఇక్కడ వీళ్లకి మాత్రమే తెలిసినదేమిటి? ఈ వార్డులో ఎంతకాలం ఉంటారు?

మూడోదాన్ని రాసేవాళ్లు సాధారణంగా వదిలేస్తారు. వార్డులో అందరి కాలం ఒకటి కాదు. రోగి నాలుగైదు రోజులుంటాడు. హౌస్ సర్జన్ పోస్టింగు కొన్ని వారాలు. పీజీ మూడేళ్లు. హెడ్ నర్సు బదిలీ వచ్చేదాకా. రోగుల్నీ సామాన్లనీ అటూ ఇటూ చేర్చే ఎం.ఎన్.ఓ. రిటైరయ్యేదాకా ఉన్నా ఉంటాడు. ఊడ్చే అమ్మాయి కాంట్రాక్టరు మారేదాకా. వారాల మనిషికి అన్నీ అన్యాయంగా కనబడతాయి, వెంటనే మార్చేద్దామంటాడు. ఇరవై ఏళ్ల మనిషికి ఏ తలుపు ఎందుకు మూసి ఉంటుందో తెలుసు, అందుకే తెరవడు. ఈ ఇద్దరినీ ఒక గదిలో నిలబెడితే కోపిష్టి, శాంతమూర్తి అని వేరే రాయక్కర్లేదు. మాటలు వాటంతటవే వేరుపడతాయి.

ఇప్పుడు ఒక సీను కట్టి చూపిస్తాను. మంగళవారం, మీ యూనిట్ అడ్మిషన్ రోజు. ముప్పై మంచాలు, నలభై ఒక్క మంది. పద్నాలుగో మంచం గోడవైపు, పైపు ఆక్సిజన్ పాయింటు కింద. అందులో ఒడిశా సరిహద్దు దగ్గరి ముంచంగిపుట్టు నుంచి వచ్చిన ముసలాయన. నిమోనియా తగ్గింది, రెండు రోజులుగా ఆక్సిజన్ అక్కర్లేదు. పదిన్నరకి రౌండ్స్‌లో చీఫ్ డిశ్చార్జి చెప్పారు. పన్నెండింటికి గాజువాక నుంచి 108లో ఆయాసం మనిషి వచ్చాడు. క్యాజువాల్టీలో ఆక్సిజన్ మీద పెట్టారు గానీ అక్కడ ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు. పైకి తీసుకోండి అని ఫోను మీద ఫోను. వార్డులో విడి సిలిండరు ఉంది, దానికి పెట్టి ఆక్సిజన్ వదిలే ఫ్లోమీటరు లేదు.

పీజీ అమ్మాయి, రెండో సంవత్సరం, నిన్న పొద్దున్నుంచి నిద్ర లేదు. చీఫ్ అడిగితే "పద్నాలుగు ఖాళీ అయింది సార్" అనేసింది. అయిపోతుందన్న నమ్మకంతోనే అంది. హెడ్ నర్సు ఫ్లోమీటరు అడిగి తెమ్మని ఎం.ఎన్.ఓ.ని పక్క వార్డుకి పంపింది, అది సరైన పనే. అతను లేకపోవడంతో తొమ్మిదో మంచం రోగి ఏబీజీ శాంపిల్ ఐసులో పెట్టుకుని హౌస్ సర్జనే లాబ్‌కి పరిగెత్తాడు. అదీ సరైన పనే, ఆ రక్తం ఆలస్యమైతే రిపోర్టుకి విలువ లేదు. దాంతో పద్నాలుగు డిశ్చార్జి సమ్మరీ సగంలో ఆగింది. ముసలాయన లేవడు. ఆదివాసీ ఒడియాలో ఏదో పదేపదే చెబుతూ తలగడ మీద చెయ్యి వేస్తున్నాడు. ఆ భాష తెలిసినవాడు వార్డులో ఎం.ఎన్.ఓ. ఒక్కడే, అతను పక్క వార్డులో ఫ్లోమీటరు కోసం బతిమాలుతున్నాడు. కొడుకేడీ? గేటు బయట. అటెండెంట్ పాస్ లేకుండా గార్డు వదలడు. పోయినవారం ఒకే రోగికి ముగ్గుర్ని వదిలాడని అతనికి మెమో వచ్చింది. తోడు మనిషి లేకుండా ముసలాయన్ని లేపి వరండాలో కూర్చోబెట్టమంటే హెడ్ నర్సు ఒప్పుకోదు. పోయిన నెల అలా కూర్చోబెట్టిన రోగి ఎటో వెళ్లిపోతే సంజాయిషీ రాసింది ఆవిడే. ప్రభుత్వ వైద్య పథకం చూసే ఆరోగ్యమిత్ర ఫైలు పట్టుకుని నిలబడ్డాడు, సమ్మరీ లేకుండా అతని పని జరగదు.

ఒంటిగంటా నలభైకి ఊడ్చే అమ్మాయి వచ్చింది. రెండింటికి ఆమె డ్యూటీ దిగాలి. మంచం తుడిచి, దుప్పటి మార్చి వెళ్లిపోదామని ముసలాయన తలగడ ఎత్తింది. దాని కింద అటెండెంట్ పాస్ ఉంది. ముసలాయన గంటసేపట్నుంచి చెబుతున్నది అదే. ఆమె ఎవరికీ చెప్పలేదు, చీపురు గోడకి ఆనించి పాస్ పట్టుకుని గేటుకేసి నడిచింది.

ఇందులో విలన్ లేడని గమనించారా? ప్రతి ఒక్కరూ తమ పని తాము సరిగ్గానే చేశారు, ఒకరి సరైన పని ఇంకొకరి కాళ్లకి అడ్డం పడింది. పెద్ద తారాగణాన్ని కలిపి నిలబెట్టే తాడు అదే.

ఇక వడపోత. సీనులోంచి ఒక్కో మనిషిని వేలితో మూసి చూడండి. గార్డుని తీసేస్తే కొడుకు లోపలికి వచ్చేస్తాడు, కథ లేదు. ఎం.ఎన్.ఓ.ని పక్క వార్డుకి పంపకపోతే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. హౌస్ సర్జన్, పీజీ, హెడ్ నర్సు, ఊడ్చే అమ్మాయి, ఎవరిని తీసినా ముడి వదులవుతుంది. ఆరోగ్యమిత్రని మూయండి. ఏమీ మారలేదు. అతను మంచివాడే, మీ రెండు పేజీల్లో చక్కగా ఉన్నాడు కూడా, కానీ ఈ సీనుకి అతను మనిషి కాదు, ఫైలు. అలాంటివాళ్లని బయటి వరసలో ఉంచండి. రెండు మూడు ఎపిసోడ్లకోసారి వస్తారు, ప్రతిసారీ అదే పని మీద వస్తారు. చీఫ్ కూడా బయటి వరసే. రౌండ్స్‌లో రెండు నిమిషాలు కనబడి, మిగతా రోజంతా ఫోనులో గొంతుగా ఉంటే ఆయన భయం ఇంకా బాగా పనిచేస్తుంది.

మీ ఐదుగురు నర్సులు ఇద్దరవుతారు, హెడ్ నర్సూ నైట్ సిస్టరూ. హెడ్ నర్సు చేతిలో ఇండెంటు, డ్యూటీ చార్టు, బీరువా తాళం ఉన్నాయి. నైట్ సిస్టర్ చేతిలో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా మొత్తం వార్డు ఉంది, పైన చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఈ సీనులో ఆమె లేదు గానీ ఎపిసోడ్ ఆమె లేకుండా ముగియదు. రాత్రి పదకొండింటికి పద్నాలుగో మంచంలో గాజువాక మనిషికి ఆయాసం ఎక్కువైతే, అప్పటిదాకా ఏమేం ఇచ్చారో చూద్దామని ఆమె కేస్ షీటు తెరుస్తుంది. హడావుడిలో దాంట్లో ముసలాయన కాగితం ఒకటి కలిసిపోయి ఉంటుంది. పగలు అందరూ వదిలేసిన పోగులు రాత్రి ఒక్క మనిషి చేతిలో పడతాయి. మిగతా ముగ్గురు నర్సుల్లో మీకు ఇష్టమైన అలవాట్లు ఈ ఇద్దరికీ పంచేయండి. భక్తురాలూ కోపిష్టీ ఒకే మనిషి అయితే తప్పేముంది?

అలా లెక్క ఏడుగురికి దిగింది. పాతిక నిమిషాల్ని పదిహేడు మందికి పంచితే మనిషికి నిమిషంన్నర కూడా రాదు. ఏడుగురైనా అందరికీ సమంగా పంచకండి. ఒక ఎపిసోడులో ఒకరిది పెద్ద కథ, పన్నెండు నిమిషాలు. ఇంకొకరిది చిన్న కథ, ఏడెనిమిది నిమిషాలు. మూడోవారిది సన్నటి పోగు, నాలుగైదు నిమిషాలు. మిగతావాళ్లు ఈ మూడింటికీ అడ్డంపడుతూనో, చెయ్యందిస్తూనో ఉంటారు. ఈ వారం సన్నటి పోగుగా ఉన్నవారు వచ్చేవారం పెద్ద కథ కావచ్చు. గార్డు మొదటి ఎపిసోడులో గేటు దగ్గర మొండివాడు. నాలుగోదానికి ఆ మెమో కథ తెలిశాక చూసేవాళ్లే అతని పక్షాన నిలబడతారు.

భాష గురించి ఒక్క మాట, ఇది నాకు పట్టింపు ఉన్న విషయం. మీ పేజీల్లో "ఏటి", "బేగి", "వచ్చీసినాను" అనేవాళ్లు గార్డూ ఊడ్చే అమ్మాయీ మాత్రమే. వాళ్లు నోరు తెరిచినప్పుడల్లా పక్కన "నవ్వులు" అని రాశారు. ఉత్తరాంధ్ర మాటని చిన్న ఉద్యోగాలకీ నవ్వులకీ కట్టిపడేసే పాపం మన సినిమాలు చాలానే చేశాయి, మీరు చేయకండి. 1923 నుంచీ ఉన్న విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడినా శ్రీకాకుళం మాట, విజయనగరం మాట, పాడేరు వైపు మాట, కోరాపుట్ ఒడియా అన్నీ వినబడతాయి. పీజీ అమ్మాయిది రాజాం అనుకోండి. చీఫ్ ముందు ఇంగ్లీషు కలిపిన పొడి మాట, రోగి దగ్గర పుస్తకాల తెలుగు, అమ్మ ఫోను చేస్తే "తిన్నానే అమ్మా, ఇప్పుడేటి నీ గోల" అని ఊరి మాట. ఆమె మాట ఎప్పుడు మారిందో చూస్తే ఎంత అలిసిపోయిందో తెలుస్తుంది. హౌస్ సర్జన్‌ది గుంటూరైతే ముసలాయన మాటే కాదు, గార్డు మాట కూడా సగం అర్థం కాదు. అది నవ్వుకి వాడకండి, శాంపిల్ తప్పు చోటికి పోవడానికి కారణంగా వాడండి.

ఇప్పుడు మీ స్నేహితురాలి మాట. మీ ముందు మూడు దారులున్నాయి.

ఆమె అన్నట్టు లేడీ డాక్టర్ని హీరోయిన్ చేయొచ్చు. అమ్మడం తేలిక, పేరున్న నటి దొరికితే డబ్బూ దొరుకుతుంది, ఆ ఇబ్బంది నిజమైనదే కాబట్టి ఆమె మీద కోపం పెట్టుకోకండి. కానీ అప్పుడు పాస్ ఆ డాక్టరే కనిపెట్టాలి, గార్డుని ఆమే ఒప్పించాలి, ముసలాయన భాష ఆమెకే రావాలి. నాలుగు ఎపిసోడ్లకి ఆవిడ మనిషి కాదు, దేవత. పైగా మీకున్న పదకొండేళ్ల చూపు నర్సుల బల్ల దగ్గరిది. దాన్ని డాక్టర్ కళ్లలోకి మారిస్తే మీరు మాత్రమే రాయగలిగింది సగం పోతుంది.

రెండోది, మొదటి నుంచీ ఏడుగురినీ సమానంగా నడపడం. మీ మనసు ఇటే ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. దీని ఖర్చు మొదటి రెండు ఎపిసోడ్లలో చెల్లించాలి. పేర్లు గుర్తుండక చూసేవాళ్లు ఆపేసే ప్రమాదం ఉంది. మొదటి ఐదు నిమిషాల్లో ముగ్గురిని మించి పరిచయం చేయకూడదు, ఆ ముగ్గురూ ఏదో ఒక పని మధ్యలో కనబడాలి. పరిచయం కోసం రాసిన సీను ఒక్కటి ఉన్నా కొట్టేయాల్సిందే.

మూడోది, హౌస్ సర్జన్‌ని గుమ్మంలా వాడుకోవడం. మొదటి రోజు డ్యూటీకి వచ్చిన కుర్రాడికి ఏదీ తెలియదు, అతనితో పాటు మనమూ వార్డు నేర్చుకుంటాం. మొదటి రెండు ఎపిసోడ్లు అతనివి. ఆ తర్వాత కథ మెల్లగా మిగతావాళ్ల చేతుల్లోకి జారుతుంది. ఐదోదాని చివర అతని పోస్టింగు అయిపోతుంది, వెళ్లిపోతాడు. వార్డు ఆగదు, ఆరో ఎపిసోడులో ఇంకో కొత్త కుర్రాడు వచ్చి మళ్లీ ఆ పెన్ను పేలికే కత్తిరిస్తాడు. హీరో కావాలన్న మీ స్నేహితురాలికి మొదట్లో చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడు, మీకు వార్డు దక్కుతుంది. నాకు నచ్చినది ఇదే, కానీ దీనికీ ఒక ఖర్చుంది. చూసేవాళ్లు ప్రేమించిన మనిషిని మధ్యలో పంపేస్తే కొందరు మీ మీద అలుగుతారు, ఆ పాత్ర వేసే నటుడూ అలుగుతాడు. ఐదో ఎపిసోడ్ సంగతి మీ స్నేహితురాలికి ముందే చెప్పి ఒప్పించకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి. మధ్యలో తెలిస్తే అతన్ని ఉంచేయమంటారు, అప్పుడు మొదటి దారిలోకే వచ్చి పడతారు.

ఏ దారి పట్టినా, చూపించే ముందు ఒక పని చేయండి. పద్నాలుగో మంచం సీనుని మీ మాటల్లో రాసి, పేర్ల మీద కాగితం అంటించి, ఇద్దరు తోటి ఉద్యోగులతో చదివించండి. ఏ మాట ఎవరిదో పదింట ఎనిమిది చెప్పగలిగితే సరిపోయింది. చెప్పలేని చోట మాటని ముస్తాబు చేయకండి. ఆ పాత్రకి ఆ సీనులో పోయేదేమీ లేదన్నమాట. పోయేదేదో పెట్టండి.

మీ తోటి సిస్టర్ సంగతి చివరికి మిగిల్చాను, నిజానికి ముందు తేల్చాల్సింది అదే. వార్డుది వేరు, ఆమెది వేరు. నైట్ డ్యూటీ, అప్పగింతల రాత, రాత్రి మూడింటికి వచ్చే నిస్త్రాణ, ఇవి ఆ పని చేసే అందరివీ, మీవి కూడా. దుబాయ్ వెళ్లిన భర్త, మోగని ఫోను ఆమె ఒక్కదానివి. పేరు మార్చి, దుబాయ్‌ని మస్కట్ చేసినంత మాత్రాన అవి మీవి కావు. మీ వార్డులో అందరికీ తెలిసిపోతుంది.

పాత్రని మొత్తం తీసేయొచ్చు. ఆమె మనసు కుదుటపడుతుంది, కానీ రాత్రి చేతిలో పడే పోగులు పట్టుకునేవాళ్లు మీ కథలో ఉండరు. లేదా కారణం మార్చొచ్చు. ఆ పాత్రలో మిమ్మల్ని పట్టుకున్నది భర్త కాదనుకుంటాను, అందరూ తప్పించుకునే నైట్లని ఒక మనిషి కోరి తీసుకోవడం. దానికి వేరే కారణం పెట్టండి. ఆమె తండ్రికి వారానికి మూడుసార్లు పగలు డయాలసిస్, తీసుకెళ్లేవాళ్లు ఇంకెవరూ లేరు. ఇప్పుడు ఆమె నిద్రపోయే వేళ ఎప్పుడు? పగలు ఒక ఆసుపత్రిలో రోగి తరఫు మనిషి, రాత్రి ఇంకో ఆసుపత్రిలో సిస్టర్. అక్కడ గేటు దగ్గర పాస్ కోసం ఆమే బతిమాలుతుంది. చూశారా, ఇది మీ గార్డు కథకి కూడా ముడిపడింది. దుబాయ్ భర్త దేనికీ ముడిపడలేదు, ఆమె ఒంటరితనాన్ని మనకి చూపించడం తప్ప. మూడో దారి, ఆమె ఒప్పుకుంటే ఉన్నది ఉన్నట్టు రాయడం. అది మాత్రం నేను వద్దంటాను. ఇవాళ స్నేహం కొద్దీ సరే అంటుంది, రేపు తెర మీద నలుగురితో కలిసి చూసినప్పుడు ఆ సరే ఆమెకి గుర్తుండదు. రోగుల విషయంలో కూడా ఇదే కొలత పెట్టుకోండి, ఏ ఒక్క కేసూ జరిగింది జరిగినట్టు రాకూడదు. మీది ప్రభుత్వ ఉద్యోగమైతే పేరు వేసుకునే ముందు ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం మీద తీసుకోండి.

కారణం మార్చాక మాట్లాడదాం అనుకోకండి. ముందు పాత పేజీలు, ఆమె కథ ఉన్నవి, ఆమె చేతికే ఇవ్వండి. అడక్కుండా రాశాను, తప్పు చేశాను అని చెప్పండి. కొత్త పాత్ర గొప్పదనం ఆ రోజు ఎత్తకండి. డ్యూటీ మారే వేళ, నలుగురి మధ్య వద్దు. ఆమె నైట్ దిగి వెళ్లేటప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా కలిసి నడవండి. ఆ పేజీలు ఆమె చింపేస్తే చింపేయనివ్వండి, మీ దగ్గర ఇంకో కాపీ ఉంచుకోకండి.